టేబుల్ మీద పనిచేసిన సెన్సర్లు షెడ్డులో ఎందుకు మొండికేస్తాయి? ఐ2సి తీగల్లో లోపం పట్టుకునే పద్ధతి

తెనాలి పక్క పల్లెలో మా బావమరిదికి చిన్న పుట్టగొడుగుల షెడ్డు ఉంది. వేడి, తేమ, వెలుతురు, కార్బన్ డయాక్సైడ్ ఎప్పటికప్పుడు తెలియాలని ఈఎస్‌పీ32 బోర్డుతో ఒక పెట్టె తయారుచేసి ఇచ్చాను. మా ఇంట్లో టేబుల్ మీద అది రెండు వారాలు ఒక్క తప్పు లేకుండా నడిచింది. షెడ్డులో బిగించిన మర్నాడే ఫోన్: "బావా, స్క్రీన్ మీద అంకెలు కదలడం లేదు. ఫ్యాన్ వేసినప్పుడల్లా ఇదే గోల."

అక్కడ ఏం చేశామో అదే వరుసలో రాస్తున్నాను. ఒకే రెండు తీగల మీద నాలుగైదు సెన్సర్లు వేలాడుతున్నప్పుడు ఏది చెడిందో ఊహతో తేలదు. ఒక సెన్సర్ చేసిన తప్పుకు మిగతావన్నీ మూగబోతాయి, నిందేమో పక్కదాని మీద పడుతుంది. నేనూ ముందు ఒక మంచి సెన్సర్‌ని పీకి పారేయబోయాను.

బిగింపు ఎలా ఉందంటే

తలుపు దగ్గర పెట్టెలో ఈఎస్‌పీ32, చిన్న ఓఎల్‌ఈడీ తెర, డీఎస్3231 గడియారం మాడ్యూలు ఉన్నాయి. అక్కడి నుంచి నెట్‌వర్క్ కేబుల్ గోడ వెంట 6 మీటర్లు పోతుంది. 3 మీటర్ల దగ్గర వేడి, తేమ కొలిచే ఎస్‌హెచ్‌టీ31 ఒకటి, దాని పక్కనే వెలుతురు కొలిచే బీహెచ్1750. చివర రెండో ఎస్‌హెచ్‌టీ31, కార్బన్ డయాక్సైడ్ కొలిచే ఎస్‌సీడీ41. మొత్తం ఆరు మాడ్యూళ్లు. అన్నింటికీ ఒకటే డేటా తీగ ఎస్‌డీఏ, ఒకటే క్లాక్ తీగ ఎస్‌సీఎల్. కరెంటు 3.3 వోల్టులు.

ఇలా రెండు తీగల మీద చిప్పులు మాట్లాడుకునే పద్ధతి పేరే ఐ2సి. దీన్ని 1980ల్లో ఫిలిప్స్ వాళ్లు తెచ్చింది ఒకే పెట్టెలోని చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి. గోడ వెంట మీటర్ల కొద్దీ లాగడానికి కాదు. మనం లాగుతాం, చాలాసార్లు నడుస్తుంది కూడా. కానీ అరువు తెచ్చుకున్న వెసులుబాటు మీద నడుస్తోందని గుర్తుండాలి.

ఇంకొక్క సంగతి తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఈ రెండు తీగలను ఏ చిప్పైనా కిందికి, అంటే సున్నా వోల్టుకు లాగగలదు. పైకి నెట్టేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. వదిలేస్తే తీగను 3.3 వోల్టులకు తిరిగి తీసుకెళ్లేది పుల్-అప్ రెసిస్టర్ ఒక్కటే. స్ప్రింగు తలుపు లాంటిదన్నమాట: ఎవరు పట్టుకున్నా తెరిచే ఉంటుంది, అందరూ వదిలితేనే మూసుకుంటుంది. స్ప్రింగు నీరసంగా ఉంటే నెమ్మదిగా మూసుకుంటుంది. ఎవరో ఒకరు పట్టుకుని నిద్రపోతే అసలు మూసుకోదు.

మొదటి అడుగు: ప్రోగ్రాం జోలికి వెళ్లకుండా మల్టీమీటర్ పట్టుకోండి

అందరం ముందు కోడ్ తెరుస్తాం. అది వద్దు. పెట్టెకు కరెంటు ఉండగానే మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల మొన గ్రౌండ్‌కు తాకించి, ఎర్ర మొనతో ముందు ఎస్‌డీఏ, తర్వాత ఎస్‌సీఎల్ చూడండి. ఎవరూ మాట్లాడుకోని సమయంలో రెండూ 3.3 వోల్టుల దగ్గర నిలబడి ఉండాలి.

రెండూ 3.3 చూపిస్తే తీగలు నిశ్చలంగా బాగానే ఉన్నట్టు. లోపం ఉంటే కదిలేటప్పుడు, అంటే వేగంలోనో బయటి నుంచి దూకే విద్యుత్ కుదుపులోనో ఉంటుంది. ఎస్‌సీఎల్ 3.3 దగ్గర ఉండి ఎస్‌డీఏ మాత్రం సున్నాకు అతుక్కుపోతే, ఏదో సెన్సర్ మాట మధ్యలో ఆగిపోయి తీగను పట్టుకుని కూర్చున్నట్టు. మా షెడ్డులో కనిపించింది ఇదే. రెండూ సున్నాలో ఉంటే షార్ట్ అయినా అయ్యుండాలి, పుల్-అప్‌లకు కరెంటు అందకపోవడమైనా అయ్యుండాలి. ఒకటి లేదా రెండు వోల్టుల దగ్గర వేలాడుతుంటే కరెంటు అందని మాడ్యూలు ఒకటి తీగకు తగులుకుని ఉందేమో చూడండి. కరెంటు లేని చిప్పు ఊరికే ఉండదు. లోపలి రక్షణ డయోడ్ల గుండా ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్‌ల నుంచే కరెంటు తాగుతుంది, దానితో అందరి తీగా కిందికి దిగిపోతుంది. ఎర్ర తీగ ఊడిన ఒక్క సెన్సర్ మొత్తం వరుసని ఆపేయడానికి కారణం ఇదే.

5 వోల్టులు కనిపిస్తే మాత్రం వెంటనే కరెంటు తీసేయండి. ఏదో మాడ్యూలు 5 వోల్టుల మీద నడుస్తూ తన పుల్-అప్‌లతో తీగను అక్కడికి లాగుతోంది. ఈఎస్‌పీ32 కాళ్లు అంత వోల్టేజీకి తయారైనవి కావు.

తీగ కిందికి అతుక్కుపోయి ఉంటే దొంగను పట్టే పని చివర నుంచి మొదలుపెట్టండి. ముందు దూరపు కొసలో ఉన్న మాడ్యూలు కనెక్టర్ పీకి వోల్టేజీ చూడండి, మారకపోతే దాని ముందుది. ఏది పీకగానే తీగ 3.3కి లేచిందో అదే పట్టుకుని ఉంది. పట్టుకుని ఉన్నంత మాత్రాన చెడిపోయిందని కాదు. మా దగ్గర ఎస్‌హెచ్‌టీ31 పీకగానే తీగ లేచింది. కొత్తది కొందామనుకున్నాను. తిరిగి పెడితే అదే సెన్సర్ ఏమీ ఎరగనట్టు చక్కగా నడిచింది. దాన్ని మాట మధ్యలో ఎవరు ఆపారన్నదే అసలు ప్రశ్న.

రెండో అడుగు: స్కానర్, దాని అబద్ధాలు

ఒక్కో చిప్పు ఏ అడ్రసుకు పలుకుతుందో వెతికే స్కానర్ ప్రోగ్రాం ఆర్డుయినో ఉదాహరణల్లో దొరుకుతుంది. రాస్ప్‌బెర్రీ పై అయితే ఒక్క ఆజ్ఞ చాలు:

```
i2cdetect -y 1
```

మా పెట్టెలో వచ్చిన అడ్రసులు: `0x23`, `0x3c`, `0x44`, `0x45`, `0x57`, `0x62`, `0x68`. మాడ్యూళ్లు ఆరు, అడ్రసులు ఏడు. కంగారు పడక్కర్లేదు. బజారులో దొరికే డీఎస్3231 మాడ్యూళ్లలో చాలావాటి మీద గడియారంతో పాటు ఒక మెమరీ చిప్పు కూడా ఉంటుంది, `0x57` దానిది. మీ బోర్డులో ఏ అడ్రసు ఎవరిదో ఒక చీటీ మీద రాసి పెట్టె మూత లోపల అంటించండి. ఆరు నెలల తర్వాత మీకే పనికొస్తుంది.

కొన్ని ఓఎల్‌ఈడీ తెరల వెనుక 0x78 అని అచ్చువేసి ఉంటుంది, స్కానర్ మాత్రం `0x3c` అంటుంది. రెండూ ఒకటే. చదవాలా రాయాలా అని చెప్పే బిట్టును కూడా కలిపి రాస్తే విలువ రెట్టింపై 0x78 అవుతుంది. ఇది తెలియక తెరను దుకాణానికి తిరిగి పట్టుకెళ్లినవాళ్లు ఉన్నారు.

ఒకే రకం సెన్సర్లు రెండు ఉన్నచోట ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఎస్‌హెచ్‌టీ31 మామూలుగా `0x44`లో ఉంటుంది. అడ్రసు కాలిని 3.3 వోల్టులకు కలిపితే `0x45` అవుతుంది. ఆ కాలు కలపడం మరిచిపోతే రెండు సెన్సర్లూ ఒకే పేరుకు పలుకుతాయి. స్కానర్‌లో ఒక్కటే కనిపిస్తుంది, తప్పు అన్న సూచన ఏదీ ఉండదు. చదివినప్పుడు రెండూ ఒకేసారి మాట్లాడతాయి. కిందికి లాగేవాడిదే గెలుపు కాబట్టి, ఏ బిట్టు దగ్గరైనా ఒకటి సున్నా అంటే తీగ మీద సున్నాయే వస్తుంది. ఎస్‌హెచ్‌టీ31 ప్రతి రీడింగు వెంట ఒక సరిచూపు బైటు పంపుతుంది కాబట్టి ఈ కలగాపులగం చాలావరకు దొరికిపోతుంది. కానీ రెండు సెన్సర్లూ పక్కపక్కనే టేబుల్ మీద ఉండి ఒకే వేడి చూపిస్తుంటే? రెండూ అచ్చంగా ఒకే అంకె చెప్పిన ప్రతిసారీ సరిచూపు బైటు కూడా కుదురుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. వేర్వేరు చోట్ల బిగించాక గొడవ పూర్తిగా బయటపడుతుంది. అందుకని టేబుల్ మీద ఉండగానే ఒక సెన్సర్‌ని వేలితో వెచ్చబరిచి, రెండో అంకె కదలకుండా ఉందో లేదో చూసుకోండి.

ఎస్‌సీడీ41కి అలా మార్చుకునే అడ్రసు లేదు, ఎప్పుడూ `0x62`యే. రెండు కావాలంటే టీసీఏ9548ఏ అనే ఎనిమిది దారుల స్విచ్చు చిప్పు మధ్యలో పెట్టి, ఒక్కో దారిలో ఒకటి బిగించాలి.

ఇక స్కానర్ చెప్పే పెద్ద అబద్ధానికి వస్తాను. మా షెడ్డులో ఎన్నిసార్లు నడిపినా ఏడు అడ్రసులూ కనిపించాయి. అసలు ప్రోగ్రాం మాత్రం పావుగంటకోసారి ఆగిపోయింది. స్కానర్ ఒక్కో సెన్సర్‌ని పేరు పెట్టి పిలిచి, పలికితే చాలనుకుంటుంది. సెన్సర్ చెప్పే ఆరు బైట్లను అది వినదు. పైగా అది నడిచేది సెకనుకు లక్ష క్లాకుల వేగంలో. అసలు ప్రోగ్రాం ఏ వేగంలో నడుస్తోందో నేనప్పటికి చూసుకోలేదు.

మూడో అడుగు: పుల్-అప్‌ల లెక్క

కరెంటు పూర్తిగా తీసేసి, మల్టీమీటర్‌ని ఓముల్లో పెట్టి, ఎస్‌డీఏకు 3.3 వోల్టుల తీగకు మధ్య కొలవండి. తర్వాత ఎస్‌సీఎల్‌కు కూడా. మొనలు అటూ ఇటూ మార్చి రెండుసార్లు చూడండి, చిప్పుల లోపలి డయోడ్ల వల్ల అంకె కొద్దిగా మారుతుంది. పెద్ద అంకెను తీసుకోండి.

దాదాపు ప్రతి మాడ్యూలు మీదా తయారుచేసినవాళ్లే పుల్-అప్ రెసిస్టర్లు పెడతారు. భూతద్దంతో చూస్తే వాటిపై 472 అనో 103 అనో ఉంటుంది. మొదటిది 4,700 ఓములు, రెండోది 10,000. మా ఆరింట్లో గడియారం, తెర, బీహెచ్1750 మీద 472 ఉంది, మిగతా మూడింటి మీద 103. ఒకే తీగకు కలిపినప్పుడు ఇవన్నీ సమాంతరంగా చేరి విలువ తగ్గిపోతుంది:

```
1/R = 3/4700 + 3/10000
R   = 1066 ohm
```

మీటరులోనూ దాదాపు అదే కనిపించింది. ఇది మంచిదా చెడ్డదా? కింది హద్దు ఒకటుంది. ఐ2సి నియమం ప్రకారం తీగను 0.4 వోల్టులకు దించి ఉంచుతూ 3 మిల్లీ ఆంపియర్లు మింగగలనని ప్రతి చిప్పూ మాటివ్వాలి. 3.3 వోల్టులకు లెక్కిస్తే రెసిస్టర్ 967 ఓముల కంటే తగ్గకూడదని వస్తుంది. మాది దాని మీద కొంచెమే ఉంది. 472 ఉన్న మాడ్యూలు ఇంకొకటి చేరిస్తే 869కి, అంటే హద్దు కిందికి పోయేది. చాలా చిప్పులు మాటిచ్చినదానికంటే ఎక్కువే లాగుతాయి కాబట్టి వెంటనే ఏమీ ఆగిపోదు. అయినా ఎనిమిది మాడ్యూళ్లు తగిలించే ఆలోచన ఉంటే కొన్నింటి మీది రెసిస్టర్లను సోల్డరింగ్ ఐరన్‌తో తీసేయడం మేలు.

దీనికి వ్యతిరేకంగా, అసలు పుల్-అప్ లేని మాడ్యూళ్లు కూడా వస్తాయి. అప్పుడు ఈఎస్‌పీ32 లోపలి పుల్-అప్ ఒక్కటే దిక్కు. అది సుమారు 45,000 ఓములు, అంటే చాలా నీరసమైన స్ప్రింగు. నాలుగు అంగుళాల తీగకు సరిపోవచ్చు. 6 మీటర్ల కేబుల్‌కు పెడితే తీగ పైకి లేవడానికి పట్టే సమయం ఒక క్లాక్ మొత్తం సమయాన్ని మించిపోతుంది.

నాలుగో అడుగు: వేగం. మా అసలు దొంగ ఇక్కడ దొరికాడు

ప్రతి తీగకూ కొంత కెపాసిటెన్స్ ఉంటుంది. రెసిస్టర్ దాన్ని నింపుతూ తీగను పైకి తీసుకెళ్లాలి. నెట్‌వర్క్ కేబుల్ జతలో మీటరుకు సుమారు 50 పికోఫారడ్లు. మా 6 మీటర్లకు 300. ఒక్కో చిప్పుకు పది చొప్పున వేసుకుంటే ఇంకో 60. మొత్తం 360. నియమం అనుమతించేది 400, కాబట్టి లోపలే ఉన్నాం. తీగ పైకి లేవడానికి పట్టే సమయానికి సూత్రం ఇదీ:

```
tr = 0.8473 × R × C
   = 0.8473 × 1066 × 360 pF
   = 325 ns
```

సెకనుకు లక్ష క్లాకుల వేగంలో 1000 నానోసెకన్ల దాకా పట్టొచ్చు. 325 అంటే ఎంతో వెసులుబాటు. నాలుగు లక్షల వేగంలో హద్దు 300 మాత్రమే. అక్కడ దాటిపోయాం.

నేనెక్కడా నాలుగు లక్షలు పెట్టలేదే అనుకున్నాను. ప్రోగ్రాంలో `Wire.setClock` అన్న మాటే లేదు. ఒక సాయంత్రం వృథా అయ్యాక తెర లైబ్రరీ లోపల దొరికింది. `Adafruit_SSD1306` లైబ్రరీ తెర గీసేటప్పుడు తనంతట తానే తీగల వేగాన్ని 400 కిలోహెర్ట్జ్‌కు పెంచి, గీయడం అయ్యాక 100కు దించుతుంది. తెర పెట్టెలోనే ఉంది, దానికి వేగం సమస్య కాదు. కానీ తీగలు అందరివీ. తెరకు పోయే వెయ్యి పైచిలుకు బైట్లు 6 మీటర్ల అవతలి సెన్సర్ల చెవిలో కూడా పడతాయి. అరకొరగా లేచిన అంచుల్లో ఏదో ఒక సెన్సర్ తన పేరు వినబడిందని భ్రమపడి జవాబు మొదలుపెడుతుంది. టేబుల్ మీద తీగలు జానెడే కాబట్టి ఇది ఎప్పుడూ జరగలేదు.

325కూ 300కూ మధ్య తేడా చిన్నది, దానికే ఆగిపోవాలని లేదు. వెసులుబాటు మొత్తం అక్కడ ఖర్చైపోయింది, మిగతా పని ఫ్యాను చేసింది. ఆ సంగతి తర్వాత.

తెర వేగాన్ని తగ్గించడానికి ఒక్క వరుస చాలు:

```cpp
Adafruit_SSD1306 display(128, 64, &Wire, -1,
                         100000UL, 100000UL);
```

చివరి రెండు అంకెలు గీసేటప్పుడు వేగం, గీశాక వేగం. తెర మారడం కాస్త నెమ్మదిస్తుంది, వేడి, తేమ అంకెలకు అదేమీ తెలియదు. మీరు వేరే తెర లైబ్రరీ వాడుతుంటే అది ఏ వేగంలో పంపుతుందో ఒకసారి చూసుకోండి.

మార్పు నిజంగా పనిచేసిందో లేదో "ఇప్పటిదాకా ఆగలేదు" అన్న మాటతో తేల్చుకోవద్దు, లెక్కపెట్టండి. నేను వాడిన పరీక్ష ఇదీ:

```cpp
int bad = 0;
for (int i = 0; i < 1000; i++) {
  float t = sht.readTemperature();
  if (isnan(t)) bad++;
  drawScreen();
}
Serial.println(bad);
```

ఇందులో `drawScreen` తెర గీసే మీ సొంత ఫంక్షన్. దాన్ని లూపులోనే ఉంచడం ముఖ్యం, గొడవ తెచ్చేది అదే. సరిచూపు బైటు కుదరకపోతే, సెన్సర్ పలకకపోతే `Adafruit_SHT31` లైబ్రరీ అంకె బదులు `nan` ఇస్తుంది. దగ్గరి సెన్సర్‌కు ఒకసారి, దూరపుదానికి ఒకసారి నడపండి. పాత వేగంలో దూరపు సెన్సర్‌కు తప్పులు పదుల్లో వచ్చాయి, దగ్గరిదానికి ఒకటీ అరా. దూరంతో పాటు తప్పులు పెరిగితే సెన్సర్ మీద అనుమానం వదిలి కేబుల్ వైపు చూడండి. వేగం తగ్గించాక రెండింట్లోనూ సున్నా వచ్చింది. ఫ్యాను ఆపి ఉన్నప్పుడు.

ఐదో అడుగు: కేబుల్ లోపల ఏ తీగ ఏ తీగతో మెలిపడింది

ఫ్యాను వేయగానే మళ్లీ తప్పులు. ఇక్కడ తప్పు పూర్తిగా నాదే. నెట్‌వర్క్ కేబుల్‌లో నాలుగు జతలు, ప్రతి జతా మెలితిప్పి ఉంటుంది. చూడ్డానికి బాగుందని నారింజ రంగు తీగను ఎస్‌డీఏకు, దాని జోడైన నారింజ-తెలుపును ఎస్‌సీఎల్‌కు ఇచ్చాను. ఇంతకంటే చెడ్డ ఎంపిక ఉండదు. మెలిక పడిన రెండు తీగలు ఒకదాని కుదుపును మరొకదానికి అంటిస్తాయి. డేటా తీగ పైకీ కిందికీ వెళ్లినప్పుడు క్లాక్ తీగ కూడా ఉలిక్కిపడుతుంది. సెన్సర్ ఆ ఉలికిపాటును ఇంకొక క్లాక్‌గా లెక్కపెట్టిందంటే అప్పటి నుంచి దాని లెక్క ఒక బిట్టు ముందుంటుంది. మన బోర్డు మాట ముగిసిందనుకుంటుంది. సెన్సర్ ఇంకా చెప్పాల్సింది ఉందని తీగను కిందికి పట్టుకుని తర్వాతి క్లాక్ కోసం ఎదురుచూస్తుంది. మొదటి అడుగులో చూసిన సున్నా వోల్టుల ఎస్‌డీఏ పుట్టింది ఇలాగే.

మార్చిన పద్ధతి: నారింజ ఎస్‌డీఏ, దాని జోడు గ్రౌండ్. ఆకుపచ్చ ఎస్‌సీఎల్, దాని జోడు కూడా గ్రౌండ్. నీలం జత రెండు తీగలూ 3.3 వోల్టులు. గోధుమ జత రెండూ గ్రౌండ్. ప్రతి సంకేత తీగ పక్కనా దాని సొంత గ్రౌండ్ నడుస్తుంది.

గ్రౌండ్‌కు అన్ని తీగలెందుకంటే, ఎస్‌సీడీ41 కొలిచేటప్పుడు క్షణకాలం 200 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. నెట్‌వర్క్ కేబుల్ తీగ 6 మీటర్లకు అర ఓము ఉంటుంది. ఒక్క తీగే గ్రౌండ్ అయితే ఆ క్షణంలో చివరి సెన్సర్ల గ్రౌండ్ 0.1 వోల్టు పైకి లేస్తుంది. అవి "సున్నా" అనేది మన బోర్డుకు సున్నా కంటే కొంచెం ఎక్కువగా వినిపిస్తుంది. నాలుగు తీగలు పంచుకుంటే ఆ బాధ దాదాపు పోతుంది. చవక కేబుళ్లలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉంటుంది, దాని నిరోధం ఇంకా ఎక్కువ. బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు కనిపిస్తుంది. ఎస్‌సీడీ41 కాళ్ల దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టినా ఆ కుదుపు తగ్గుతుంది.

కేబుల్ ఒకే వరుసగా పోవాలి, దారిలో సెన్సర్లు తగులుకోవాలి. పెట్టె నుంచి ఒక్కో సెన్సర్‌కు విడివిడిగా కేబుల్ లాగితే పొడవులన్నీ కూడి కెపాసిటెన్స్ పెరిగిపోతుంది. నాలుగు దిక్కులకు 6 మీటర్లు లాగితే తీగకు అది 24 మీటర్లు.

పుట్టగొడుగుల షెడ్డులో ఇంకో శత్రువు తేమ. బ్రెడ్‌బోర్డులు, గుచ్చే జంపర్ వైర్లు అక్కడ కొన్ని వారాల్లోనే పచ్చగా చిలుము పడతాయి. చిలుము పట్టిన కనెక్టర్ మీటరుకు బాగానే కనిపించి, తడి ఆరినప్పుడు ఒకలా, తడిసినప్పుడు ఒకలా ప్రవర్తిస్తుంది. పొద్దున పనిచేసి మధ్యాహ్నం ఆగిపోయే వరుస అంటే ముందు కనెక్టర్లను కదిలించి చూడండి. నేను అన్నీ సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే స్లీవు తొడిగాను.

ఆరో అడుగు: ఫ్యాను

జతలు మార్చాక తప్పులు బాగా తగ్గాయి కానీ పోలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాను కాంటాక్టర్ వదిలేసే క్షణంలోనే ఒకటో రెండో వచ్చేవి. కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు తెగినప్పుడు పుట్టే మెరుపు లాంటి కుదుపు దగ్గరి తీగలన్నింటిలోకీ దూకుతుంది. మా కేబుల్ ఫ్యాను వైరుతో కలిపి ఒకే పైపులో పోతోంది. దాన్ని బయటికి తీసి అడుగు దూరంలో వేరే పైపులో వేశాం. వైరును దాటాల్సిన చోట అడ్డంగా, లంబ కోణంలో దాటించాం. కాయిల్‌కు అడ్డంగా స్నబ్బర్, అంటే 100 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ కలిసిన చిన్న ముక్క, ఎలక్ట్రీషియన్ చేత వేయించాం. అది 230 వోల్టుల పని, మనం వేలు పెట్టేది కాదు.

చాలామంది ఇక్కడ వేగాన్ని ఇంకా తగ్గించి చూస్తారు, 50 కిలోహెర్ట్జ్‌కో 10కో. నీరసంగా లేచే అంచుకు అది మందే. బయటి కుదుపుకు మాత్రం కాదు. మాట ఎంత నెమ్మదిగా సాగితే కుదుపుకు అంత ఎక్కువసేపు దొరుకుతుంది.

ఏడో అడుగు: అయినా పట్టుకుంటే విడిపించడం

ఎన్ని చేసినా ఎప్పుడో ఒకసారి సెన్సర్ తీగను పట్టుకుంటుంది. బోర్డు రీసెట్ నొక్కితే పోతుందని నమ్మలేం. రీసెట్ అయ్యేది బోర్డు, సెన్సర్‌కు కరెంటు తెగలేదు, అది పాత మాటలోనే ఉంటుంది. దానికి కావలసినవి మిగిలిన క్లాకులు. ఒక బైటుకు ఎనిమిది, ఒప్పుకోలుకు ఒకటి, కాబట్టి తొమ్మిది ఇస్తే ఎక్కడ ఆగినా బయటికొస్తుంది:

```cpp
void busClear(int sda, int scl) {
  Wire.end();
  pinMode(sda, INPUT_PULLUP);
  digitalWrite(scl, HIGH);
  pinMode(scl, OUTPUT_OPEN_DRAIN);
  for (int i = 0; i < 9 && !digitalRead(sda); i++) {
    digitalWrite(scl, LOW);  delayMicroseconds(10);
    digitalWrite(scl, HIGH); delayMicroseconds(10);
  }
  digitalWrite(scl, LOW);  delayMicroseconds(10);
  digitalWrite(sda, LOW);
  pinMode(sda, OUTPUT_OPEN_DRAIN);
  delayMicroseconds(10);
  digitalWrite(scl, HIGH); delayMicroseconds(10);
  digitalWrite(sda, HIGH); delayMicroseconds(10);
  Wire.begin(sda, scl);
}
```

చివరి భాగం "మాట ముగిసింది" అన్న సంకేతం: క్లాక్ పైన ఉండగా డేటా కిందనుంచి పైకి లేవడం. మూడుసార్లు వరుసగా `nan` వస్తే దీన్ని పిలవమని రాశాను. పిలిచిన ప్రతిసారీ ఒక లెక్క పెంచి, దాన్ని తెర మూలన చిన్నగా చూపిస్తాను. లెక్క చూపకుండా విడిపిస్తూ పోతే లోపం పెరుగుతున్నా మనకు తెలియదు.

ఈ పద్ధతి ఎస్‌డీఏ కింద ఉన్నప్పుడే పనికొస్తుంది. ఎస్‌సీఎల్‌నే ఎవరైనా పట్టుకుంటే క్లాకులు ఇవ్వడానికే దారి లేదు. సెన్సర్లకు కరెంటు తీసి ఇవ్వడమొక్కటే మార్గం. ఒక ట్రాన్సిస్టర్‌తో బోర్డే ఆ పని చేసేలా పెట్టుకోవచ్చు. అయితే సెన్సర్లతో పాటు పుల్-అప్‌లకు కూడా కరెంటు తెగాలి. లేకపోతే మొదట్లో చెప్పినట్టు అవి ఆ తీగల గుండానే కొసప్రాణంతో బతికి ఉంటాయి, నిజంగా రీసెట్ కావు.

ఆ తర్వాత నేను ఇంకొక మార్పు చేశాను, మొదటే చేసి ఉండాల్సింది. ఈఎస్‌పీ32లో ఇలాంటి వరుసలు రెండు నడుపుకోవచ్చు. తెర, గడియారం `Wire1` మీదికి మార్చి పెట్టెలోనే ఉంచాను. కేబుల్ మీది నాలుగు సెన్సర్లే `Wire` మీద మిగిలాయి. పుల్-అప్ 1950 ఓములకు పెరిగింది, లేచే సమయం 560 నానోసెకన్ల దగ్గరికొచ్చింది. లక్ష వేగానికి హాయిగా సరిపోతుంది. తెర ఇష్టమొచ్చిన వేగంలో గీసుకుంటుంది, సెన్సర్లకు ఆ గోల వినబడదు.

షెడ్డును ఇంకో 15 మీటర్లు పొడిగిస్తానని బావమరిది అంటున్నాడు. ఈ కేబుల్‌నే లాగమన్నాడు. లాగనని చెప్పాను. మొత్తం 21 మీటర్లంటే వెయ్యి పికోఫారడ్ల పైమాట, నియమం ఇచ్చిన 400 ఎప్పుడో దాటిపోతుంది. ఆ కొసన ఇంకొక చిన్న బోర్డు పెట్టి, సెన్సర్లను దానికి జానెడు తీగతో కలిపి, రెండు బోర్డుల మధ్య పొడవాటి తీగల కోసమే ఉన్న ఆర్ఎస్-485 పద్ధతి వేస్తాను. ఈలోగా తెర మూలన ఉన్న లెక్క చూసి వారానికోసారి నాకు చెప్పమన్నాను. నిన్న చెప్పాడు: రెండు.